నా లెక్కలో 69.5, లిస్టులో 46.5: రూమ్ అలాట్‌మెంట్ పాయింట్లు ఎక్కడ పోయాయి?

ప్రశ్న: మా హాస్టల్‌లో ఫైనలియర్‌కి వెళ్ళేవాళ్ళకి సింగిల్ రూములు పాయింట్ల ప్రకారం ఇస్తారు. వార్డెన్ పెట్టిన నోటీసు చూసి లెక్కేసుకుంటే నాకు 69.5 వచ్చింది. సీనియారిటీ 24, దూరం 14, చదువు 20.5, హాస్టల్ పనులు 11. తాత్కాలిక లిస్టులో మాత్రం 46.5 వేశారు. నేను ఇప్పుడు ఆరో సెమిస్టర్‌లో ఉన్నాను. ఇల్లు 312 కిలోమీటర్లు, సీజీపీఏ 8.2. ఒక బ్యాక్‌లాగ్ ఉండేది, ఫిబ్రవరిలో సప్లీ రాసి పాసయ్యాను. నాలుగో సెమిస్టర్‌లో ఒక వార్నింగ్ వచ్చింది, పాతది కదా అని లెక్కలో వేయలేదు. 7.1 ఉన్న నా ఫ్రెండ్‌కి 57.75 ఎలా వచ్చింది? ఇది వార్డెన్ అన్యాయం కాదా? అభ్యంతరాలకు మూడు రోజులే టైముంది. నోటీసు, లిస్టులో మా ఇద్దరి వరసల ఫొటోలు పెడుతున్నాను.

జవాబు:

అన్యాయం జరిగిందని నాకు అనిపించడం లేదు. మీరు పెట్టిన నోటీసు ప్రకారం 46.5 ఎలా వచ్చిందో పైసా తేడా లేకుండా చెప్పవచ్చు. అయితే అందులో మూడు చోట్ల వార్డెన్ ఆఫీసు లెక్క తప్పయ్యే అవకాశం ఉంది. దూరంలో 6, బ్యాక్‌లాగ్‌లో 3, వార్నింగ్‌లో 5. ఈ మూడింటి మీదే అభ్యంతరం పెట్టండి. సీనియారిటీ, హాస్టల్ పనుల జోలికి వెళ్ళకండి, అక్కడ మీ లెక్కే తప్పు. మూడూ మీకు అనుకూలంగా వస్తే 60.5 అవుతుంది. 69.5 మాత్రం ఏ దారిలో చూసినా రాదు.

నేను పదకొండేళ్ళు హాస్టల్ వార్డెన్‌గా పనిచేశాను. ఇలాంటి నోటీసులు నేనే రాశాను, వాటి మీద వచ్చిన అభ్యంతరాలు నేనే విన్నాను. విద్యార్థులు నోటీసులో అంకెలు చదువుతారు, ఆఫీసువాళ్ళు మాటలు చదువుతారు. 24, 20, 25 అని పెద్దపెద్దగా కనిపించే అంకెల పక్కన ‘పూర్తిచేసిన’, ‘నాటికి’, ‘మించకుండా’, ‘ఏది ఎక్కువైతే అది’ లాంటి చిన్న మాటలుంటాయి. మీ 23 పాయింట్లూ ఆ మాటల్లోనే పోయాయి. నోటీసు వరసలోనే చూద్దాం.

మొదటి నిబంధన, సీనియారిటీ. నోటీసులో ఉన్న వాక్యం ఇది: ‘హాస్టల్‌లో ఉంటూ పూర్తిచేసిన ఒక్కో సెమిస్టర్‌కు 4 పాయింట్లు, గరిష్ఠంగా 24.’ పైన మొదటి పేరాలో ‘అన్ని వివరాలూ మార్చి 31 నాటికి లెక్కిస్తాం’ అని కూడా ఉంది. మార్చి 31 నాటికి మీ ఆరో సెమిస్టర్ నడుస్తోంది, పూర్తి కాలేదు. కాబట్టి ఐదు నాలుగులు ఇరవై. మీరు ఆరు వేసుకున్నారు, 4 పాయింట్లు అక్కడ పోయాయి.

దీని గురించి బాధపడాల్సిన పనే లేదు. మీ బ్యాచ్‌లో మొదటి నుంచీ హాస్టల్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఇదే 20 వస్తుంది. వార్డెన్ రేపు మనసు మార్చుకుని ఆరో సెమిస్టర్‌నీ లెక్కపెట్టినా అందరికీ 24 అవుతుంది, వరస మారదు. సింగిల్ రూములు ఒకే బ్యాచ్‌కి ఇస్తున్నప్పుడు సీనియారిటీ పాయింట్లు చూడటానికి పెద్దగా ఉంటాయి గానీ ఎవరినీ ఎవరికంటే ముందుకు జరపవు. మధ్యలో ఒకటి రెండు సెమిస్టర్లు బయట రూమ్ తీసుకుని ఉండి వచ్చినవాళ్ళకి మాత్రమే ఇక్కడ దెబ్బ తగులుతుంది.

రెండో నిబంధన, దూరం. మీ గొడవలో అసలు బరువంతా ఇక్కడే ఉంది, కొంచెం నిదానంగా చదవండి. నోటీసులో స్లాబులు ఇలా ఉన్నాయి: 100 కిలోమీటర్ల లోపు 0, 100 నుంచి 300 వరకు 8, 300 దాటి 600 వరకు 14, ఆపైన 20. కొలిచే పద్ధతి కూడా రాశారు: ‘అడ్మిషన్ రిజిస్టర్‌లోని శాశ్వత చిరునామా నుంచి హాస్టల్‌కు అతి తక్కువ రోడ్డు దూరం.’

మీరు 312 అంటున్నారు. లిస్టులో మీ పేరు పక్కన దూరం 287 అని ఉంది. ఈ 25 కిలోమీటర్ల తేడా రెండు రకాలుగా రావచ్చు. ఏ రకంగా వచ్చిందో చూసుకోకుండా అభ్యంతరం పెట్టకండి.

మొదటిది మీ వైపు పొరపాటు. ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే మామూలుగా ముందు చూపించేది తొందరగా చేరే దారి. అది తక్కువ దూరం ఉన్న దారి కానక్కర్లేదు. హైవే మీదుగా వెళ్తే 312 ఉండి, లోపలి రోడ్డు మీదుగా 287 ఉండొచ్చు. గంటన్నర ఎక్కువ పట్టినా సరే, నోటీసులో ‘అతి తక్కువ’ అని ఉంది కాబట్టి 287కే లెక్క. మీరు ఎప్పుడూ ఆ దారిలో వెళ్ళలేదు, అటు బస్సు కూడా లేదు అన్నా కుదరదు. మ్యాప్‌లో మిగతా దారులన్నీ తెరిచి, అన్నిటికంటే చిన్న అంకె ఏదో చూడండి.

రెండోది ఆఫీసు వైపు పొరపాటు, ఇది చాలా తరచుగా జరుగుతుంది. వందల మంది చిరునామాలు ఒక్కొక్కటీ కొలిచే ఓపిక ఏ క్లర్కుకీ ఉండదు. మీ ఊరికి బదులు మీ మండల కేంద్రానికో, దగ్గరి పట్టణానికో ఉన్న దూరం వేసేస్తారు. అక్కడి నుంచి మీ ఊరికి ఇంకో 25 కిలోమీటర్లు ఉంటే అదెక్కడా కనిపించదు. 150 కిలోమీటర్ల దగ్గరో, 450 దగ్గరో ఉన్నవాళ్ళకి ఈ పొరపాటు వల్ల నష్టమేమీ లేదు, స్లాబు మారదు. 300కి అటూ ఇటూ ఉన్న మీలాంటివాళ్ళకి మాత్రం 6 పాయింట్లు పోతాయి. స్లాబుల పద్ధతిలో ఉన్న పెద్ద లోపమే ఇది. 299కి 8, 301కి 14. నా హయాంలో ఒకసారి స్లాబులు తీసేసి కిలోమీటరుకి ఇంత అని పెట్టి చూశాను. అప్పుడు ప్రతి ఒక్కరూ తమ ఇంటి గుమ్మం దాకా కొలుచుకుని, రెండు కిలోమీటర్ల తేడాకి కూడా అర్జీలు తెచ్చారు. మరుసటి ఏడాదే స్లాబులకి తిరిగి వెళ్ళిపోయాను.

కాబట్టి చేయాల్సింది ఇది. అడ్మిషన్ రిజిస్టర్‌లో మీ శాశ్వత చిరునామా ఏముందో ముందు చూసుకోండి. ఆ చిరునామా నుంచి అన్నిటికంటే చిన్న దారి ఎంతో కొలవండి. అది 300 దాటితేనే అభ్యంతరం పెట్టండి. 312 అని నిరూపించాల్సిన అవసరం లేదు, 301 అయినా చాలు.

చిరునామా ముందు చూసుకోమని ఎందుకంటున్నానంటే, నా దగ్గర ఒక అబ్బాయి ఇలాగే దూరం మళ్ళీ కొలవమని అర్జీ పెట్టాడు. అప్పటికి అతనికి 8 పాయింట్లు పడి ఉన్నాయి. రిజిస్టర్ తీసి చూస్తే శాశ్వత చిరునామా గడిలో అతని మేనమామ ఇంటి అడ్రసు ఉంది. చేరేటప్పుడు ఉత్తరాలు తొందరగా అందుతాయని అదిచ్చాడట. అది 90 కిలోమీటర్ల దూరం. ఆఫీసు ఎక్కడో పాత కాగితంలో ఉన్న సొంత ఊరు చూసి 8 వేసింది. తిరిగి కొలిస్తే 0 అయింది. నాకూ బాధగానే అనిపించింది, కానీ కాగితం కళ్ళెదురుగా ఉన్నాక ఏమీ చేయలేకపోయాను.

మూడో నిబంధన, చదువు. సీజీపీఏని 2.5తో గుణిస్తారు, గరిష్ఠం 25. మీ 8.2కి 20.5, ఆ లెక్క సరిగ్గానే వేశారు. దాని కిందే ఇంకో వాక్యం ఉంది: ‘మార్చి 31 నాటికి ఉన్న ఒక్కో బ్యాక్‌లాగ్‌కు 3 పాయింట్లు ఈ నిబంధన కింద వచ్చినవాటి నుంచి తగ్గిస్తాం.’ లిస్టులో మీకు 17.5 వేశారంటే బ్యాక్‌లాగ్ ఇంకా ఉన్నట్టు లెక్కపెట్టారు.

మీరు పరీక్ష రాసింది ఫిబ్రవరిలో. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఎప్పుడు రాశారని కాదు, ఫలితం ఎప్పుడు వచ్చిందని. ఫలితం మార్చి 31 లోపు వచ్చి ఉంటే ఆ 3 పాయింట్లు మీవే. మార్కుల మెమో మీద తేదీ ఉంటుంది, దాని కాపీ జతచేస్తే ఎవరూ కాదనరు. ఆఫీసులో జరిగేదేమిటంటే, సెమిస్టర్ మొదట్లో పరీక్షల విభాగం నుంచి ఒక బ్యాక్‌లాగ్ జాబితా తెప్పించుకుంటారు, మళ్ళీ కొత్తది తెప్పించుకోరు. అందుకే సప్లీ పాసైనవాళ్ళు కూడా ఆ పాత జాబితాలో అలాగే ఉండిపోతారు. ఫలితం ఏప్రిల్‌లో వచ్చి ఉంటే మాత్రం వదిలేయండి. ‘నాటికి’ అన్న మాట దాన్ని మూసేసింది. ‘పరీక్ష అయితే ముందే రాశాను కదా’ అన్న వాదన నేను చాలాసార్లు విన్నాను, ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. ఒకరికి ఒప్పుకుంటే ఫలితం రాని అందరికీ ఒప్పుకోవాలి, అందులో ఫెయిలయ్యేవాళ్ళూ ఉంటారు.

మీ ఫ్రెండ్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. లిస్టులో ఆయన దూరం గడిలో 20 ఉంది, అంటే ఇల్లు 600 దాటి. 7.1ని 2.5తో గుణిస్తే 17.75. సీనియారిటీ 20. హాస్టల్ పనులు సున్నా, కోత సున్నా. మొత్తం 57.75. ఎవరూ ఏమీ చేయలేదు. మీకూ ఆయనకీ సీజీపీఏలో 1.1 తేడా ఉంది, పాయింట్లలోకి మారిస్తే అది 2.75 మాత్రమే. దూరంలో 8 నుంచి 14కి ఒక్క స్లాబు ఎక్కితే 6 వస్తాయి. సీజీపీఏతో ఆ 6 సంపాదించాలంటే 2.4 పెరగాలి. చదువుకి గరిష్ఠం 25, దూరానికి గరిష్ఠం 20 అని రాసి ఉంటుంది కాబట్టి చదువుకే ఎక్కువ విలువ అని అందరూ అనుకుంటారు. కానీ ఒక బ్యాచ్‌లో ఎక్కువ మంది సీజీపీఏ 6.5కీ 9కీ మధ్యే ఉంటుంది. అంటే చదువు వల్ల మనిషికీ మనిషికీ వచ్చే తేడా ఆరు పాయింట్ల చిల్లర. దూరంలో మాత్రం నిజంగానే 0 నుంచి 20 దాకా మనుషులుంటారు. గరిష్ఠం ఎంతన్నది కాదు, బ్యాచ్‌లో పాయింట్లు ఎంత చెదిరి ఉన్నాయన్నదే వరసను తేలుస్తుంది. ఇది న్యాయమా అంటే నాకూ అనుమానమే, కానీ నోటీసు రాసినవాళ్ళు ఇంటికి తరచుగా వెళ్ళలేనివాళ్ళకి మంచి గది ఇద్దామనుకున్నట్టున్నారు. అది వాళ్ళ ఇష్టం.

నాలుగో నిబంధన, హాస్టల్ పనులు. మెస్ కమిటీకి 6, ఫ్లోర్ ప్రతినిధికి 5 అని చూసి 11 వేసుకున్నారు. రెండు పరిమితులున్నాయి ఇక్కడ. ‘మొత్తం 10కి మించకుండా’ అన్నది ఒకటి. దాన్ని ఒక్కదాన్నే చూస్తే మీకు 10 రావాలి. కానీ రెండోది కూడా ఉంది: ‘ఒకే సెమిస్టర్‌లో ఒకటికి మించి బాధ్యతలు ఉంటే ఏది ఎక్కువైతే అది మాత్రమే.’ లిస్టులో రెండు బాధ్యతలూ ఐదో సెమిస్టర్ కింద చూపించారు. అందుకే 6. ఒకటి నాలుగులో, ఇంకొకటి ఐదులో చేసి ఉంటే 10 వచ్చేది. నిజంగా అలాగే చేసి ఉంటే, నియామకం కాగితం ఉంటే, అడగండి. మీ ప్రశ్నలో ఆ మాట లేదు కాబట్టి ఒకేసారి చేశారనే అనుకుంటున్నాను.

ఐదో నిబంధన, కోతలు. నోటీసులో వాక్యం: ‘గత రెండు సెమిస్టర్లలో ఇచ్చిన లిఖితపూర్వక హెచ్చరిక ఒక్కోదానికి 5 పాయింట్లు మొత్తం నుంచి తగ్గిస్తాం.’

ముందు ‘మొత్తం నుంచి’ సంగతి. బ్యాక్‌లాగ్ కోత మూడో నిబంధన లోపలే జరుగుతుంది, అక్కడ సున్నా కిందికి పోదు. వార్నింగ్ కోత అలా కాదు, అన్నీ కూడాక, గరిష్ఠాలన్నీ వర్తింపజేశాక, చివర్లో జరుగుతుంది. కొందరు అనుకుంటారు, నాకు హాస్టల్ పనుల్లో 15 వచ్చాయి, పరిమితి 10, పైన ఉన్న 5 ఎలాగూ వృథా కాబట్టి వార్నింగ్ అందులోంచి పోతుందిలే అని. పోదు. 15 ముందు 10 అవుతుంది, కోత ఆ తర్వాత.

ఇక మీ వార్నింగ్. ‘పాతది’ అని మీరు వదిలేశారు. పాతదా కాదా అన్నది మీకూ నాకూ అనిపించేదాన్ని బట్టి ఉండదు, ‘గత రెండు సెమిస్టర్లు’ అంటే ఏవి అన్నదాన్ని బట్టి ఉంటుంది. మీరు ఆరో సెమిస్టర్‌లో ఉన్నారు. పూర్తయినవే లెక్కపెడితే గత రెండూ నాలుగు, ఐదు. అప్పుడు మీ వార్నింగ్ లోపలే ఉంది, 5 పోవాల్సిందే. నడుస్తున్నదాన్ని కూడా కలిపితే గత రెండూ ఐదు, ఆరు. అప్పుడు మీ వార్నింగ్ బయటపడిపోతుంది.

నోటీసు ఈ విషయం తేల్చలేదు. మొదటి నిబంధనలో ‘పూర్తిచేసిన’ అన్న మాట ఉంది, ఐదో నిబంధనలో లేదు. దీన్ని మీరు వాదించవచ్చు. కానీ దానికంటే గట్టి దారి ఇంకోటుంది. లిస్టు చూసి, ఈ ఆరో సెమిస్టర్‌లో, అంటే జనవరి నుంచి మార్చి లోపు, వార్నింగ్ వచ్చిన ఎవరికైనా 5 కోత పడిందా అన్నది కనుక్కోండి. పడి ఉంటే ఆఫీసు ఆరో సెమిస్టర్‌ని లెక్కలోకి తీసుకున్నట్టే. ఆరునీ తీసుకుని, నాలుగునీ తీసుకుంటే అవి మూడు సెమిస్టర్లు అయ్యాయి, రెండు కాదు. అప్పుడు ఏ కమిటీ కూడా మీ మాట కాదనలేదు. ఒకవేళ ఆరో సెమిస్టర్ వార్నింగులు ఎవరికీ కోత వేయలేదంటే ఆఫీసు నాలుగు, ఐదు తీసుకుంది. అది సీనియారిటీ లెక్కతో సరిపోతుంది, మీ వాదన బలహీనపడుతుంది. అప్పుడు అడగొద్దని అనను, ఆశ మాత్రం పెట్టుకోకండి.

ఒక జాగ్రత్త. ఇందుకోసం పక్కవాడి పేరు మీ అర్జీలో రాయకండి. అతనికి కోత పడింది నాకు పడకూడదు అన్నట్టు చదువుతారు, మీ హాస్టల్‌లో రేపటి నుంచి మీ ఇద్దరికీ మాటలుండవు. ‘ఆరో సెమిస్టర్ హెచ్చరికలకు కూడా కోత వర్తింపజేసినట్టు తాత్కాలిక జాబితాలో కనిపిస్తోంది’ అంటే చాలు, ఎవరిదో ఆఫీసుకు తెలుసు.

ఇంకొకటి కూడా చూసుకోండి. అది ‘లిఖితపూర్వక’ హెచ్చరికేనా? వార్డెన్ పిలిచి గట్టిగా కేకలేసి పంపినది దీని కిందికి రాదు. మీ చేతికి కాగితం ఇచ్చి, ఆఫీసు కాపీ మీద మీ సంతకం తీసుకున్నది ఉండాలి. నా హాస్టల్‌లో ఒక ఏడాది వార్నింగ్ రిజిస్టర్‌లో పేరున్న అందరికీ క్లర్కు కోత వేసేశాడు. అందులో సగం మందికి కాగితమే ఇవ్వలేదు, నోటితో చెప్పి వదిలేసినవి. అవన్నీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మీకు కాగితం ఇచ్చినట్టు గుర్తు లేకపోతే, మొదట ఆ కాపీ చూపించమని అడగండి. సెమిస్టర్ల గొడవ దాకా వెళ్ళక్కర్లేకుండానే తేలిపోవచ్చు.

ఇప్పుడు మొత్తం లెక్క ఒకచోట. ఆఫీసు వేసింది:

20 + 8 + 17.5 + 6 = 51.5, అందులోంచి వార్నింగ్ 5 పోతే 46.5.

మీ లెక్కకీ దీనికీ తేడా 23. సీనియారిటీలో 4, దూరంలో 6, బ్యాక్‌లాగ్‌లో 3, హాస్టల్ పనుల్లో 5, వార్నింగ్‌లో 5. మొదటి 4, హాస్టల్ పనుల 5 తిరిగి రావు. మిగతా 14లో దూరం, బ్యాక్‌లాగ్ గెలిస్తే 55.5. మీ ఫ్రెండ్ 57.75కి ఇంకా కిందే. వార్నింగ్ కూడా పోతే 60.5, ఆయనకంటే పైన. దూరం, వార్నింగ్ రెండే గెలిచి బ్యాక్‌లాగ్ పోతే 57.5, అంటే పావు పాయింట్‌తో కింద. పావు పాయింటే కదా అనుకోకండి. మధ్య వరసల్లో పావు పాయింట్‌కి ఇద్దరు ముగ్గురు ఇరుక్కుని ఉంటారు. ఒకసారి మా ఆఫీసులో దశాంశాలు చూడ్డం కష్టమని అందరివీ పూర్తి అంకెలకి సవరించేశారు. ఒకే అంకె మీద తొమ్మిది మంది నిలిచారు, చివరికి చీటీలు తీయాల్సి వచ్చింది. అందుకే లిస్టులో దశాంశాలు అలాగే ఉంచారా లేదా అన్నది చూడండి. మీ లిస్టులో ఉంచారు, మంచిదే.

అర్జీ ఎలా రాయాలి. ఒక పేజీ దాటకూడదు. ఐదు నిబంధనల మీదా పోట్లాడుతూ నాలుగు పేజీలు రాసినవాళ్ళవి కమిటీలో ఎవరూ చివరిదాకా చదవరు. పైగా ఒక తప్పు వాదన కనిపిస్తే మిగతావాటినీ అదే కళ్ళతో చూస్తారు. నిబంధన సంఖ్య, లిస్టులో వేసిన అంకె, రావాల్సిన అంకె, దానికి ఆధారం. ఇంతే. ఉదాహరణకి ఇలా:

‘నిబంధన 2: జాబితాలో దూరం 287 కి.మీ., పాయింట్లు 8. రిజిస్టర్‌లోని నా శాశ్వత చిరునామా నుంచి అతి తక్కువ రోడ్డు దూరం 304 కి.మీ. మ్యాప్ ప్రతి జతచేశాను. 14 పాయింట్లుగా సవరించగలరు.’

304 అన్నది ఊరికే వేశాను, మీ అంకె మీరు కొలిచి వేసుకోండి. నిబంధన 3కి, 5కి కూడా ఇలాగే ఒక్కో పేరా. ‘అన్యాయం’, ‘పక్షపాతం’ లాంటి మాటలు వద్దు. అర్జీ చదివేది ఆ నోటీసు రాసినవాళ్ళే. తప్పు లెక్కలో ఉందంటే వెంటనే దిద్దుతారు. తప్పు వాళ్ళలో ఉందంటే లెక్క సరైనదేనని నిరూపించడానికి కూర్చుంటారు. నేనూ అలాగే చేసేవాణ్ణి, దాచుకోవడం ఎందుకు. ఇంకో కాపీ తీసుకెళ్ళి దాని మీద తేదీతో సంతకం చేయించుకోండి. మూడు రోజుల గడువులో చివరి సాయంత్రం దాకా ఆగకండి. ఆ సాయంత్రం క్లర్కు దొరకడు.

పాయింట్లు తేలాక గదుల ఆప్షన్ ఫారం ఇస్తారు కదా, దాని గురించి ఒక్క మాట. మీ నోటీసు చివర్లో ‘ర్యాంకుల వరసలో ఒక్కొక్కరికీ, వారి ఆప్షన్లలో అప్పటికి ఖాళీగా ఉన్న మొదటి గది’ అని ఉంది. ఈ పద్ధతిలో తెలివితేటలు చూపించాల్సిన పని లేదు. నిజంగా ఏ గది కావాలో అదే మొదట రాయండి, అది వేరేవాళ్ళకి పోయినా మీ రెండో ఆప్షన్‌కి నష్టమేమీ రాదు. ముందు అందరి మొదటి ఆప్షన్లూ చూసి, తర్వాత రెండో ఆప్షన్లు చూసే హాస్టళ్ళు కొన్ని ఉన్నాయి. అక్కడైతే దొరకని గదిని మొదట రాయడం ప్రమాదం. మీది అది కాదు.

మీ దగ్గర జరిగే పొరపాటు వేరే ఉంటుంది, ఆప్షన్లు తక్కువ రాయడం. నచ్చిన ఐదారు గదులు రాసి ఊరుకుంటారు, అవన్నీ అయిపోతే ఎవరికీ అక్కర్లేని గది మిగులుతుంది. మీ ర్యాంకు 23 అనుకోండి, కనీసం 23 గదులు రాయండి. మీ ముందున్న 22 మంది ఏ గదులు తీసుకున్నా మీరు రాసినవాటిలో ఒకటైనా మిగిలి తీరుతుంది. ఫారంలో గడులు తక్కువుంటే వెనక పేజీలో రాయొచ్చా అని అర్జీ ఇచ్చేటప్పుడే అడిగేయండి.